ఇంగ్లీషు సందేశంలో ‘పెదనాయన గారు’, ‘వారు’: ఎక్కడ వివరించాలి, ఎక్కడ ఉజ్జాయింపు మాట చాలు

ప్రశ్న: నేను చీమకుర్తి దగ్గర గ్రానైటు ఎగుమతి చేసే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇటలీలోని కొనుగోలుదారు తరఫున ఒక ఇన్‌స్పెక్టరు 14వ తేదీ శుక్రవారం బ్లాకులు చూడడానికి రావాలి. నిన్న, అంటే 9వ తేదీ ఆదివారం, మా ఓనరు గారి పెదనాయన గారు చనిపోయారు. ఆయనకు మగపిల్లలు లేరు కాబట్టి మా ఓనరు గారే కర్మ చేస్తున్నారు. పెద్దకర్మ 19న. “పెదనాయన గారు కాలం చేశారు, వారు పెద్దకర్మ అయ్యేదాకా క్వారీకి రారు, వారి బదులు వాళ్ళ బావగారు వచ్చి బ్లాకులు చూపిస్తారు అని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టు” అన్నారు. పెదనాయనను అంకుల్ అంటే తక్కువ చేసినట్టుంది, ఫాదర్ అంటే అబద్ధం. ‘వారు’ అన్నచోట ‘దే’ అని రాయాలా? ఇందులో ఏది వివరించాలి, ఏది ఉజ్జాయింపుగా రాసి వదిలేయాలి?

సమాధానం:

ఒంగోలులో ఎగుమతి వ్యాపారాల ఉత్తరప్రత్యుత్తరాలు చూసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి, ఇలాంటి సందేశాలు ఎక్కడ దారి తప్పుతాయో తెలిసిన మేరకు చెబుతాను. ముందుగా మాటలను పక్కన పెట్టి, ఈ సందేశం చదివాక ఇటలీలో ఉన్న మనిషి ఏమేమి తేల్చుకోవాలో ఆలోచించండి. ఇన్‌స్పెక్టరును 14న పంపాలా, వాయిదా వేయాలా అన్నది మొదటిది. పంపితే క్వారీలో ఎవరిని కలవాలన్నది రెండోది. ఆ కలిసే మనిషి కొలతల దగ్గర, ధర దగ్గర మాట ఇవ్వగలరా అన్నది మూడోది. ఈ మూడింటిలో ఏదో ఒకటి మీ తెలుగు మాట మీద ఆధారపడి ఉంటే ఆ మాటను వివరించాలి. లేకపోతే దగ్గరి ఇంగ్లీషు మాట వేసి ముందుకు సాగాలి. అందువల్ల ఒకే ‘పెదనాయన’కు ఈ సందేశంలో వివరణ అవసరమై, వచ్చే నెల పెళ్ళికి పిలిచే సందేశంలో ‘అంకుల్’ చాలవచ్చు. మాటను బట్టి కాకుండా, చదివేవారు దానితో చేయబోయే పనిని బట్టి నిర్ణయించుకోవాలి.

ఇక ‘వారు’ సంగతి. మీ సందేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే కనుక దీని గురించి కాస్త ఎక్కువగా రాస్తాను. తెలుగులో “వారు రారు” అన్నప్పుడు రానిది ఒక్కరా, పదిమందా అన్నది క్రియ చెప్పదు. సందర్భం చెబుతుంది, మనకు అది అలవాటైపోయి సందిగ్ధత ఉందన్న సంగతే తట్టదు. ఆ ‘వారు’ను ‘దే’గా మారిస్తే, ఇంతకు ముందు ఉత్తరాలన్నిటిలోనూ మీ ఓనరు గారిని ‘హీ’ అని చదివిన మనిషి ఇప్పుడు కొత్తగా ఇంకెవరో ఉన్నారనుకుంటారు. “దే విల్ నాట్ కమ్ టు ద క్వారీ” అన్న వాక్యానికి ఆయన తీసుకునే అర్థం, క్వారీ మనుషులెవరూ రారని, అంటే పని ఆగిపోయిందని. అప్పుడు ఆయన టిక్కెట్టు రద్దు చేసుకుంటే అది ఆయన తప్పు కాదు. నెల్లూరు వైపు ఒక రొయ్యల ఎగుమతి కార్యాలయం నుంచి వెళ్ళిన సందేశంలో ఒక పెద్దాయన రాకను ‘దే’ అని రాస్తే, అవతలివారు ఇద్దరికి గదులు తీసుకుని ఇద్దరి కోసం ఎదురుచూసిన సంఘటన నాకు తెలుసు.

ఇంగ్లీషులో ‘దే’ను ఒక్కరికి వాడడం లేదా అంటే ఉంది, అదీ శతాబ్దాల నుంచి ఉంది. అయితే ఎవరో తెలియని మనిషి గురించి చెప్పేటప్పుడు, ఆడో మగో తెలియనప్పుడు, లేదా తమను అలాగే పిలవమని కోరుకున్నవారి విషయంలో అలా వాడతారు. గౌరవం కోసం వాడరు. అందుచేత మీ ఓనరు గారికి ‘హీ’ అనే రాయండి.

ఇక్కడ మనవాళ్ళ చెయ్యి వెనకాడుతుంది. ‘హీ’ అని రాస్తుంటే మనసులో ‘వాడు’ అని వినిపిస్తుంది. తెలుగులో వాడు, అతను, ఆయన, వారు అని నాలుగు మెట్లున్నాయి. వాటిలో ఎవరిని ఎక్కడ నిలబెడుతున్నామో ప్రతి మాటలోనూ తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ చోట ఉన్నది ఒకే మెట్టు, దేశాధ్యక్షుడైనా, పాలు పోసే కుర్రాడైనా నిలబడేది దాని మీదే. కిందికి దిగడానికి ఇంకో మెట్టు లేనప్పుడు ఎవరినీ దించినట్టు కాదు. ఎదుటి మనిషిని పిలిచే ‘యూ’ సంగతి దీనికి తలకిందులు. ఒకప్పుడు ఇంగ్లీషులో ఒక్కరికి ‘దౌ’ అనీ, పలువురికీ పెద్దలకూ ‘యూ’ అనీ ఉండేది. 17వ శతాబ్దం ముగిసేసరికి మామూలు మాటల్లోంచి ‘దౌ’ జారిపోయి, అందరికీ ‘యూ’ మిగిలింది. అంటే వాళ్ళు ఇప్పుడు అందరినీ ‘మీరు’ అనే అంటున్నారు. కాబట్టి ‘యూ’ పక్కన గౌరవం కోసం మీరు చేర్చవలసింది ఏమీ లేదు.

మరి గౌరవం ఎక్కడ పెట్టాలి? మొదటిసారి ప్రస్తావించేటప్పుడు ‘మై బాస్’ అనో ‘అవర్ ఓనర్’ అనో కాకుండా ‘మిస్టర్’ చేర్చి పేరుతో రాయండి. మీ ఓనరు గారి పేరు మీరు రాయలేదు కాబట్టి, ఉదాహరణకు పెంచలయ్య గారు అనుకుందాం. మనం ‘గారు’ను పెట్టిన పేరుకు తగిలిస్తాం, ఇంగ్లీషువారు ‘మిస్టర్’ను ఇంటిపేరుకు తగిలిస్తారు. అయినా ‘మిస్టర్ పెంచలయ్య’ అని రాయడం వల్ల చిక్కేమీ రాదు; ఆయన అదే ఇంటిపేరు అనుకున్నా ఈ పనికి నష్టం లేదు. ‘పెంచలయ్య సర్’ అని మాత్రం వద్దు. మన దగ్గర అది మర్యాదే గాని, బయటివారికి పేరు తర్వాత ‘సర్’ కొత్తగా ఉంటుంది, పేరుకు ముందు పెడితే బ్రిటన్‌లో ఇచ్చే బిరుదు అనుకుంటారు. రెండోది, “పెంచలయ్య గారు చెప్పమన్నారు” అన్న ధోరణిని “హ్యాజ్ ఆస్క్‌డ్ మి టు లెట్ యు నో” అని తీసుకురండి. ఆయన తరఫున మీరు రాస్తున్నారన్న పెద్దరికం అందులో వస్తుంది. మూడోది, ‘కాలం చేశారు’కు ‘పాస్‌డ్ అవే’ ఉంది, చక్కగా సరిపోతుంది. మన ఆఫీసుల్లో బాగా వాడే ‘ఎక్స్‌పైర్డ్’ అన్న మాటను బయటి దేశాలవారు ఎక్కువగా మందుల గడువుకూ పాసుపోర్టు గడువుకూ వాడతారు, మనిషి విషయంలో అది వారికి మోటుగా వినిపిస్తుంది.

ఈ ‘వారు’లోనే ఇంకో ముడి ఉంది. ‘వారు వస్తారు’, ‘ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు’ అన్నప్పుడు ఆ మనిషి ఆడో మగో తెలుగు చెప్పనక్కరలేదు. ఇంగ్లీషులో ‘హీ’ రాయాలన్నా ‘షీ’ రాయాలన్నా అది తెలిసి ఉండాలి. మీరు కూడా ప్రశ్నలో ‘ఒక ఇన్‌స్పెక్టరు’ అని మాత్రమే రాశారు. పేరును బట్టి ఊహించకండి. ఇటలీలో ‘ఆండ్రియా’ సాధారణంగా మగవారి పేరు, ఇంగ్లీషు దేశాల్లో అది ఆడవారి పేరు. తెలియనప్పుడు ‘యువర్ ఇన్‌స్పెక్టర్’ అని హోదాతోనే రెండుమూడు సార్లు రాసినా తప్పు లేదు.

గౌరవ బహువచనాన్ని ఇంగ్లీషులో వివరించవలసిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. “మా భాషలో పెద్దలను బహువచనంలో అంటాం” అని వ్యాపార సందేశంలో రాస్తే చదివేవారికి అది దేనికో అర్థం కాదు. ఒకే ఒక్క సందర్భం దీనికి మినహాయింపు. మర్యాద తప్పడమే విషయమైనప్పుడు, అంటే ఒక సూపర్‌వైజరు పెద్ద వయసు మేస్త్రీని ‘నువ్వు’ అన్నందుకే గొడవ మొదలైనప్పుడు, ఆ ఫిర్యాదును ఇంగ్లీషులో ‘హీ కాల్డ్ హిమ్ యూ’ అని రాస్తే అందులో ఏమీ మిగలదు. అక్కడ మాత్రం “పిల్లలతోనూ, బాగా చనువున్నవారితోనూ మాట్లాడేటప్పుడు వాడే పిలుపుతో పిలిచాడు” అని ఒక వాక్యం పెట్టి తీరాలి, ఎందుకంటే చదివేవారి తీర్పు దాని మీదే నిలబడుతుంది.

ఇప్పుడు పెదనాయన. ఉజ్జాయింపు మాటకూ తప్పు మాటకూ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. ‘అంకుల్’ అన్నది పెదనాయన కంటే వెడల్పైన మాట. పెదనాయన, బాబాయి, మేనమామ, పెద్దమ్మ భర్త అందరూ అందులో ఇముడుతారు. కాబట్టి అది చాలకపోవచ్చు గాని అబద్ధం కాదు. ‘ఫాదర్’ అన్నది వెడల్పైన మాట కాదు, పక్క మాట. అందులో పెదనాయన ఇమడరు. వెడల్పైన మాట వేస్తే తర్వాత ఒక వాక్యంతో బిగించుకోవచ్చు. పక్క మాట వేస్తే తర్వాత వెనక్కి తీసుకోవాలి; రేపు ఆ కొనుగోలుదారు ఒంగోలు వచ్చినప్పుడు మీ ఓనరు గారి నాన్నగారే ఎదురుపడి నమస్కారం పెడితే అందరికీ ఇబ్బంది. మీ మనసుకు తట్టిన సంకోచం రెండువైపులా సరైనదే.

ఇక్కడ ‘అంకుల్’ ఎందుకు చాలదంటే, చాలా దేశాల సంస్థలలో దగ్గరి బంధువులు చనిపోయినప్పుడు ఇచ్చే సెలవు తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులకే ఎక్కువగా వర్తిస్తుంది. ‘అంకుల్’ కోసం యజమాని పదకొండు రోజులు క్వారీకి దూరంగా ఉంటారంటే, చదివేవారికి ఇది సాకేమో, ధర దగ్గర ఏదో తేడా వచ్చిందేమో అన్న అనుమానం కలగవచ్చు. కనుక వివరించాలి. అయితే చాలామంది ఇక్కడ బంధుత్వాన్ని వివరించడం మొదలుపెడతారు. ఉమ్మడి కుటుంబమనీ, తండ్రి తర్వాత తండ్రి అంతటివాడనీ నాలుగు వాక్యాలు రాస్తారు. మీకు అంత అక్కరలేదు, ఎందుకంటే మీ ప్రశ్నలోనే అసలు కారణం ఉంది. ఆయనకు మగపిల్లలు లేరు, మీ ఓనరు గారే కర్త. కొడుకు చేయవలసిన కర్మ ఆయన చేస్తున్నారన్న ఒక్క మాట ఏ దేశంవారికైనా అర్థమవుతుంది. బంధుత్వానికి ‘హిజ్ ఫాదర్స్ ఎల్డర్ బ్రదర్’ అని ఒకసారి రాయండి, తర్వాత ‘అంకుల్’ అనండి, ఆ వెంటనే కర్మ బాధ్యత చెప్పండి. ఆ మాటకు అర్థం ఏమిటో చెప్పడం కంటే, దాని వల్ల ఏం జరుగుతోందో చెప్పడం ఎప్పుడూ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఒకవేళ పెదనాయన గారికి కొడుకులు ఉండి, మీ ఓనరు గారు మైల వల్ల మాత్రమే రాకపోతే, అప్పుడు “మా ఆచారం ప్రకారం అన్నదమ్ముల పిల్లలు కూడా ఈ రోజులు పాటిస్తారు” అని చెప్పవలసి వచ్చేది.

పెద్దకర్మకు ‘ఫ్యునరల్’ అని రాయకండి. ఇది వెడల్పైన మాటలా కనిపించే పక్క మాట. ‘ఫ్యునరల్’ అంటే చదివేవారికి దహనమో ఖననమో జరిగే రోజు. ఆదివారం చనిపోయినవారి ‘ఫ్యునరల్’ 19న అంటే ఆయన ఏమిటేమిటో ఊహించుకుంటారు. ‘మార్నింగ్ రైట్స్’ అంటే దుఃఖదినాల కర్మలని ఇంగ్లీషులో అర్థమవుతుంది గాని, మీ పాఠకుడికి కూడా ఇంగ్లీషు నేర్చుకున్న భాషే కనుక, పొద్దుటిపూట అనే ‘మార్నింగ్’తో దాన్ని కలిపి చదివే అవకాశం ఉంది. ఉత్త ‘రైట్స్’ అని రాసి చివరి రోజు తేదీ ఇవ్వండి. ‘11వ రోజు’ అని రాయవద్దు. మనం చనిపోయిన రోజును కలుపుకుని లెక్కపెడతాం, వారు మరునాటి నుంచి లెక్కపెడితే 20వ తేదీ వస్తుంది. ఇళ్ళను బట్టి పెద్దకర్మ 11వ రోజో, 12వ రోజో, 13వ రోజో ఉంటుందన్న సంగతి ఈ సందేశంలోకి రానక్కరలేదు. 19 బుధవారం అని వారంతో సహా రాస్తే పూర్తిగా సరిపోతుంది. పెద్దకర్మ అన్న తెలుగు మాటను కూడా అలాగే పెట్టవలసిన పని లేదు, ఎందుకంటే ఆయనకు అది మళ్ళీ ఎక్కడా ఎదురుకాదు. తెలుగు మాటను అట్టేపెట్టి పక్కన అర్థం ఇవ్వడం, అది ఆయన చెవిన మళ్ళీ మళ్ళీ పడబోతున్నప్పుడే పనికొస్తుంది.

బావగారి దగ్గర పద్ధతి మారుతుంది. బావ అంటే అక్క భర్త కావచ్చు, భార్య అన్న కావచ్చు, మేనత్త కొడుకో మేనమామ కొడుకో కావచ్చు. మొదటి రెండింటికి ‘బ్రదర్ ఇన్ లా’ సరిపోతుంది, మిగతావాటికి ‘కజిన్’ అనాలి. మీకు ఏ వరసో తెలియకపోతే ‘రిలెటివ్’ అని రాయండి, అది అన్నిటికీ నిజం. ఇటలీ మనిషికి ఈ వరస మీద ఏ నిర్ణయమూ ఆధారపడి లేదు. ఆయనకు కావలసింది వేరే సంగతి, మీ తెలుగు సందేశంలో అది అసలు లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి బ్లాకు మీద నీళ్ళు పోసి పగులు, మచ్చ, రంగు చూస్తారు, టేపు పట్టి కొలుస్తారు, నచ్చినవాటి మీద పెయింటుతో గుర్తు పెడతారు. కొలతలో ఎంత తగ్గించి లెక్కకట్టాలన్న బేరం అక్కడే వస్తుంది. ఆ బేరంలో బావగారు మాట ఇవ్వగలరా? మన దగ్గర ‘వాళ్ళ బావగారు వస్తారు’ అంటే ఇంటి మనిషే, ఆయన మాట చెల్లుతుందని అందరికీ తెలుస్తుంది. ‘బ్రదర్ ఇన్ లా’ అన్న మాటలో ఆ హామీ లేదు. అందువల్ల వరసను ఉజ్జాయింపుగా వదిలేసి, అధికారాన్ని విడిగా, స్పష్టంగా రాయాలి. పంపేముందు మీ ఓనరు గారిని ఈ ఒక్కటి అడగండి: బావగారు కొలతలు ఖాయం చేయవచ్చా, ధర కూడా ఖాయం చేయవచ్చా?

కొలతల వరకే అని ఆయన చెప్పారనుకుందాం, బావగారి పేరు మాలకొండయ్య గారు అనుకుందాం. అప్పుడు సందేశం ఇలా వస్తుంది:

“మిస్టర్ పెంచలయ్య హ్యాజ్ ఆస్క్‌డ్ మి టు లెట్ యు నో దట్ హిజ్ ఫాదర్స్ ఎల్డర్ బ్రదర్ పాస్‌డ్ అవే ఆన్ సండే ద 9త్. హిజ్ అంకుల్ హ్యాడ్ నో సన్స్, సో మిస్టర్ పెంచలయ్య ఈజ్ పర్‌ఫార్మింగ్ ద రైట్స్ దట్ ఎ సన్ వుడ్ పర్‌ఫార్మ్. ద లాస్ట్ డే ఈజ్ వెన్స్‌డే ద 19త్, అండ్ హీ విల్ బి బ్యాక్ ఎట్ ద క్వారీ ఆన్ థర్స్‌డే ద 20త్. యువర్ ఇన్‌స్పెక్టర్స్ విజిట్ ఆన్ ఫ్రైడే ద 14త్ కెన్ గో అహెడ్. మిస్టర్ మాలకొండయ్య, ఎ రిలెటివ్ ఆఫ్ మిస్టర్ పెంచలయ్య, విల్ షో ద బ్లాక్స్ అండ్ కెన్ అగ్రీ ద మెజర్‌మెంట్స్ ఆన్ హిజ్ బిహాఫ్. మిస్టర్ పెంచలయ్య విల్ డిస్కస్ ద ప్రైస్ హిమ్‌సెల్ఫ్ ఆఫ్టర్ ద 20త్. ఇఫ్ యు ప్రిఫర్ ఎ లేటర్ డేట్, ప్లీజ్ టెల్ అస్ బై వెన్స్‌డే ద 12త్.”

ఇందులో పేరును పలుమార్లు వాడాను. మూడో మనిషి వచ్చాక ‘హీ’ ఎవరిదో తేలదు, ఇద్దరూ మగవారే. ధర గురించిన వాక్యంలో ‘హీ’ అని ఉంటే ధర మాట్లాడేది మాలకొండయ్య గారనుకునే వీలుంది. పేరు మళ్ళీ రాయడం మనకు కాస్త మొరటుగా తోచినా ఇక్కడ అదే క్షేమం. ‘బాధతో తెలియజేస్తున్నాము’ వంటి మాట కావాలని వదిలేశాను, ఎందుకంటే అది మీ ఓనరు గారు చెప్పినదానిలో లేదు. ఆయన కోరితే చేర్చండి.

పంపేముందు దీన్ని ఈ సంగతి తెలియని మీ ఆఫీసు మనిషి ఎవరికైనా చదవనిచ్చి, పోయినవారు ఎవరు, రానివారు ఎంతమంది, వచ్చేది ఎవరు, ఏ తేదీన, దేనికి ఒప్పుకోగలరు అని తెలుగులో అడగండి. వారు ఎక్కడైనా తడుముకుంటే అక్కడ ఉజ్జాయింపు చాలలేదని అర్థం. అటు నుంచి వచ్చే జవాబు కూడా సంగతి చెబుతుంది. “ఎంతమంది రావడం లేదు?”, “క్వారీ మూసేశారా?” అని అడిగితే మీ సర్వనామం దారి తప్పిందన్నమాట. జవాబు నిండా మన ఆచారాల గురించిన ప్రశ్నలే ఉండి 14వ తేదీ గురించి ఏమీ లేకపోతే మీరు అవసరానికి మించి వివరించారన్నమాట. అప్పుడు ఆచారం గురించి ఒక్క వాక్యంలో మర్యాదగా బదులిచ్చి, తేదీ ప్రశ్నను విడి సందేశంగా మళ్ళీ పంపండి.

చివరగా ఒక హద్దు. ఇదే మరణం గురించి రేపు బీమా సంస్థకో, వీసా కార్యాలయానికో, బ్యాంకుకో రాయవలసి వస్తే ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ ‘అంకుల్’, ‘రిలెటివ్’ వంటి వెడల్పైన మాటలు పనికిరావు, ‘కొడుకు చేసే కర్మ’ అన్న వివరణా అవసరం లేదు. మరణ ధ్రువపత్రంలో ఉన్న పేరును అక్షరం తేడా లేకుండా రాసి, బంధుత్వాన్ని ‘ఫాదర్స్ ఎల్డర్ బ్రదర్’ అనే రాయండి. బావగారి విషయంలోనూ ఏ వరసో కనుక్కుని, అక్క భర్త అయితే ‘సిస్టర్స్ హజ్బెండ్’ అనీ, మేనమామ కొడుకైతే ‘మదర్స్ బ్రదర్స్ సన్’ అనీ రాయండి.